అత్త డైరీ కాల్చేయమంటోంది

"మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఆయన దుబాయి పోయి 6 ఏళ్లయింది. మధ్యలో ఒక్కసారి, 40 రోజులు వచ్చిపోయాడు. నేను బీడీలు చేస్తాను. పాపతో అత్తగారింట్లోనే ఉంటున్నాను. బావ, యారాలు కూడా అక్కడే. ఆయన దుబాయి వెళ్లిన నెల నుంచి నోటుబుక్కులో ఆయనతో మాట్లాడినట్టే రోజూ రాసుకుంటున్నాను. ఇప్పుడు నాలుగోది నడుస్తోంది. ఆయన నెలకు 15,000 బావ ఖాతాకు పంపుతాడు. బావ నా చేతికి 4,000 ఇస్తాడు. అన్నీ రాసిపెట్టాను. వీసాకు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన 1,20,000 ఇంకా తీరలేదంటాడు. పాపకు డెంగీ వచ్చినప్పుడు పైసల్లేవన్నాడు, నల్లపూసలు కుదువబెట్టాను. ఆయనకు చెప్పలేదు. వీడియో కాల్ వస్తే కొంగు మెడ నిండా కప్పుకుంటాను. పోయిన వారం యారాలి కూతురు నా పుస్తకం చదివి అందరికీ చెప్పింది. ఇంటి గుట్టు రాస్తున్నానని అత్త కాల్చేయమంటోంది. వచ్చే నెల ఆయన ఛుట్టీ మీద వస్తున్నాడు. కాల్చేస్తే గొడవ సద్దుమణుగుతుందా? అత్తను, యారాలిని ఎలా మంచి చేసుకోవాలి?"

కాల్చొద్దు. అత్తను, యారాలిని మంచి చేసుకునే ఉపాయం మాత్రం నన్ను అడగకండి. మీరు 6 ఏళ్లుగా మంచి చేసుకుంటూనే ఉన్నారు, నల్లపూసలు పోయాయి. మీ చిక్కు వాళ్లతో కాదమ్మా, మీ ఆయనతో.

ఆయనతో మాట్లాడినట్టే రాస్తున్నానన్నారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. ఆయనకు చెప్పాల్సిన మాటలన్నీ నాలుగు నోటుబుక్కుల్లో పడ్డాయి. ఆయన చెవిన పడినవి 'అంతా బాగానే ఉంది', 'తిన్నారా' అనే రెండు మాటలే అయి ఉంటాయి. ఫోన్ వచ్చేది హాల్లోకి, స్పీకర్ ఆన్‌లో, చుట్టూ ఇంటిల్లిపాదీ. అటువైపు ఆయనకూ అదే గతి. క్యాంపు గదిలో ఆరేడుగురు, కింద మంచం మీద ఒకరు, పై మంచం మీద ఒకరు. భార్యతో రెండు మాటలు మనసు విప్పి మాట్లాడాలంటే ఆయనకూ చోటు లేదు. వెనకటికి దుబాయి వాళ్లు క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. ఆ క్యాసెట్ కూడా నలుగురి మధ్యే మోగేది. యంత్రం మారింది కానీ హాలు మారలేదు.

ఇక లెక్క. 15,000లో మీకిచ్చింది పోగా 11,000 మిగులుతుంది. అప్పు మీద నెల మిత్తి 2,400. ఆ 11,000 మొత్తం అప్పుకే కట్టి ఉంటే 13 నెలల్లో ముగిసిపోయేది. ఇంట్లో ఖర్చులుంటాయి, మామగారి మందులుంటాయి, కాబట్టి సగమే కట్టారనుకుందాం. నెలకు 5,500 చొప్పున కట్టినా 29 నెలల్లో తీరాలి. మరి 72 నెలలు గడిచాయి. మీ బావ దొంగ అని నేను అనను. పొలంలో పెట్టి ఉండొచ్చు, ఇంటి మీద పెట్టి ఉండొచ్చు, చిట్టీలో పోగొట్టి ఉండొచ్చు. ఎక్కడ పెట్టారో చెప్పమనండి, అంతే. ఉమ్మడి ఇంట్లో పెద్దవాడి చేతికి డబ్బు వెళ్లడం నాకు తప్పుగా తోచదు. లెక్క చెప్పని పెద్దరికమే నాకు గిట్టదు.

అప్పు నిజంగా ఉందో లేదో తేల్చుకోవడానికి గొడవ అక్కర్లేదు. ప్రామిసరీ నోటు చూపించమంటే చాలు. అప్పు తీరిపోతే నోటు మీ ఇంటికి తిరిగొచ్చి ఉండాలి. తీరకపోతే కట్టినప్పుడల్లా నోటు వెనక తేదీ వేసి, ఇంత ముట్టిందని జమ రాసి, కట్టినవాళ్లు సంతకం పెట్టి ఉండాలి. మూడేళ్లు దాటినా అలాంటి జమ లేక, నోటు తిరగరాయకుండా ఉంటే దాని మీద కోర్టుకు వెళ్లినా చెల్లదు. వడ్డీకిచ్చేవాడు అంత అమాయకంగా ఊరుకోడు. 6 ఏళ్లనాటి అప్పు ఇంకా ఉందంటే ఆ కాగితం మీద ఏదో ఒక చేవ్రాలు ఉండి తీరుతుంది. నోటే లేదు, నోటి మాట మీద తెచ్చామంటారేమో. అప్పుడు మీ ఆయనే అప్పిచ్చినాయనకు ఫోన్ చేసి అడగాలి. అప్పు తెచ్చింది ఆయన వీసాకే కదా.

ఆ కాగితం అడగాల్సిందీ మీరు కాదు, మీ ఆయన. మీరు అడిగితే 'కోడలు ఇల్లు చీలుస్తోంది' అవుతుంది. ఆయన అడిగితే అన్నదమ్ముల మాట అవుతుంది. డబ్బు పంపడానికి బావ ఖాతాను ఎంచుకున్నది బావ కాదు, మీ ఆయన. మీ పేరున ఖాతా లేకనా? గ్యాస్ సబ్సిడీయో సంఘం డబ్బో పడే ఖాతా ఒకటి ఉండే ఉంటుంది. పెళ్లాం చేతిలో డబ్బు పెడితే ఏమవుతుందోనన్న అనుమానం ఆయనది. అడిగితే ఏమంటాడోనన్న భయం మీది. ఈ రెంటి మధ్య బావ హాయిగా ఉన్నాడు.

ఒక పని చేయండి. కొత్త నోటుబుక్కు కొని, ఆ నాలుగింటి నుంచి లెక్కలు మాత్రమే ఎత్తి రాయండి. నెల, ఆయన పంపింది, మీ చేతికొచ్చింది. పక్కన ఒక్క మాట కూడా రాయొద్దు, ఏడుపు కూడా వద్దు. డబ్బు పంపినప్పటి రసీదులు ఆయన ఫోన్‌లో ఉంటాయి, పోల్చుకుంటాడు. బీడీల పైసల్లోంచి ఇంటికి పెట్టిన ఖర్చు వేరే పేజీలో రాయండి. నల్లపూసలు ఎంతకు కుదువబెట్టారు, ఏ తేదీన పెట్టారు, మిత్తి ఎంత, అదీ అక్కడే.

అసలు పుస్తకాలు మీ అమ్మ వాళ్లింట్లో పెట్టెలో పెట్టి రండి. అవి మీవి. యారాలి కూతురు చదవడం తప్పు, అత్త కాల్చమనడం అంతకంటే తప్పు. మీకు ఇష్టం లేకపోతే మీ ఆయనకూ చూపించనక్కర్లేదు. కొత్త పుస్తకం ఒక్కటి చాలు.

ఆయన వచ్చాక చెబుదామనుకోకండి. మొదటి వారం పెట్టెలు విప్పడం, చుట్టాలకు సబ్బులు, సెంట్లు పంచడంతోనే గడిచిపోతుంది. ఆ లోపల అన్నదమ్ములు రాత్రిపూట కూర్చుంటారు. మీ మాట కంటే ముందు మీ డైరీ మాట ఆయనకు చేరుతుంది, అదీ అత్త నోటితో. అందుకని ఇప్పుడే రెండు రోజులు పుట్టింటికి వెళ్లండి. ఆయనకు సెలవున్న రోజు చూసి, గది బయటికి వచ్చి ఫోన్ చేయమనండి. అడగాల్సింది ఒక్కటే. వచ్చే నెల నుంచి డబ్బు మీ ఖాతాకు రావాలి. అత్తామామల ఖర్చు మీ చేత్తో మీరు ఇవ్వాలి, ఎగ్గొట్టకుండా, నెల మొదట్లోనే. వాళ్లను చూసుకోవడం మీ బాధ్యత, అందులో నేను రాజీ పడను. వాళ్ల ముందు చేయి చాచి నిలబడటం మాత్రం మీ బాధ్యత కాదు.

ఆయన కోపం తెచ్చుకోవచ్చు. ఎందుకు చెప్పలేదని మీ మీదే అరవొచ్చు. ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకుంది, తప్పు ఒప్పుకోండి. పాప డెంగీ సంగతి చెప్పేటప్పుడు మాటలు రాకపోతే కంగారు పడకండి. ఆ రోజు మామూలు కాల్ కాకుండా వీడియో కాల్ చేయమనండి. కొంగు మెడ చుట్టూ కప్పుకోకుండా కూర్చోండి.