‘అరిచేశాడు’ అని కాదు, ఏమన్నారో రాయండి

ప్రశ్న: ఐదు నెలలుగా ఒక ఆఫీసులో ట్రైనీగా పనిచేస్తున్నాను. మా టీమ్‌లోని ఒక సీనియర్ మీద హెచ్.ఆర్.కి ఫిర్యాదు ఇవ్వాలనుకుంటున్నాను. నా దగ్గరున్న ఆధారమల్లా నా ఫ్రెండ్‌కి ఎప్పటికప్పుడు పంపిన వాట్సాప్ మెసేజ్‌లే. అవే ఇస్తే గాసిప్ అనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది. ఒకటి చూడండి: “ఇవాళ మళ్లీ అందరి ముందు నా మీద అరిచేశాడే. తాగొచ్చాడేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను చేసిన రిపోర్టు తన పేరుతో పంపేసుకున్నాడు. ఇంతకుముందు ట్రైనీ కూడా వీడి వల్లే మానేసిందట. మేనేజర్‌కి చెప్పినా దండగ, ఇద్దరూ ఒకటే.” దీన్ని ఫిర్యాదులో ఎలా రాయాలి?

జవాబు: ముందుగా ఒక మాట. ఆ మెసేజ్‌లను డిలీట్ చేయకండి. వాటి భాష ఫిర్యాదులో పనికిరాదు కానీ, వాటి పక్కనున్న తేదీ, సమయం చాలా పనికొస్తాయి. జరిగిన రోజే రాసిన మాటను, రెండు నెలల తర్వాత గుర్తుచేసుకుని రాసిన మాటకంటే ఎక్కువగా నమ్ముతారు. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు తేదీ కనిపించాలి, ముందూ వెనకా ఉన్న మెసేజ్‌లు కూడా ఉండాలి. వేరేవాళ్లకు ఫార్వర్డ్ చేసి దాచుకుంటే అక్కడ ఫార్వర్డ్ చేసిన సమయమే పడుతుంది, కాబట్టి అసలు చాట్‌ను అలాగే ఉంచండి.

ఇప్పుడు మీ మెసేజ్‌నే ఒక్కో వాక్యం తీసుకుని చూద్దాం. ప్రతి వాక్యాన్నీ ఒకటే ప్రశ్న అడగండి: ఇది నేను చూసిందా, విన్నదా, ఊహించిందా? మన భాషే దీనికి కొంత సాయం చేస్తుంది. “మానేసిందట” అన్నారు. ఆ చివరి ‘ట’ చూడండి, అది వేరేవాళ్లు చెబితే విన్న సంగతి అని మీరే ఒప్పుకున్నారు. “తాగొచ్చాడేమో”లోని ‘ఏమో’ ఊహ. “పంపేసుకున్నాడు” అంటే పంపడం ఒక్కటే కాదు, అన్యాయంగా పంపాడన్న మీ తీర్పు కూడా ఆ క్రియలోనే కలిసిపోయింది. “అరిచేశాడు” కూడా అంతే. ఫిర్యాదులో “పంపారు”, “అన్నారు” అని రాస్తే తీర్పు పక్కకు పోయి పని మాత్రం మిగులుతుంది. “మళ్లీ” అన్న చిన్న మాటను కూడా వదలకండి. అది ఇంతకుముందూ జరిగిందని చెబుతోంది, అలాంటప్పుడు ఆ తేదీలేవో రాయాలి. తేదీలు దొరక్కపోతే ఆ మాట తీసేయాలి.

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది “అరిచేశాడు” దగ్గరే. తటస్థంగా రాయమంటే చాలామంది మెత్తగా రాస్తారు. “నాతో అనుచితంగా మాట్లాడారు” అని రాసి, మర్యాదగా రాశామనుకుంటారు. చదివేవారికి దానివల్ల ఏమీ తెలియదు. ఆ ‘అనుచితం’ అన్నది కూడా మీ అభిప్రాయమే, పైగా అసలు విషయం అందులో మాయమైపోయింది. ఆయన అన్న మాటలు ఎంత చేదుగా ఉన్నా, బూతు అయినా, కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది ఉన్నట్టు పెట్టండి. ఆ మాటలు మీవి కావు, రాయడానికి సంకోచపడకండి. పదం పదం గుర్తులేకపోతే “ఈ అర్థం వచ్చేలా అన్నారు” అని రాయండి, గుర్తులేనిదాన్ని కొటేషన్‌లో పెట్టకండి. గొంతు ఎంత పెద్దదో చెప్పాలంటే “గట్టిగా” అన్న మాట కంటే, ఎంత దూరంలో కూర్చున్నవాళ్లు తలతిప్పి చూశారో చెప్పడం మేలు.

తాగడం గురించిన వాక్యం తీసేయండి. ఎర్రటి కళ్లకు నిద్రలేమి కూడా కారణం కావచ్చు. మద్యం వాసన మీకే స్వయంగా తగిలి ఉంటే, “మాట్లాడుతున్నప్పుడు మద్యం వాసన వచ్చింది” అని అంతవరకే రాయవచ్చు, తాగి వచ్చారని తేల్చడం మీ పని కాదు. రుజువు చేయలేని ఆరోపణ ఒక్కటి ఉన్నా, విచారణంతా దాని చుట్టూనే తిరిగి మిగతా నిజాలు పక్కకు పోతాయి.

పాత ట్రైనీ విషయంలో ఆమెను అడగకుండా ఆమె కథ మీరు చెప్పకండి. వీలైతే అడగండి. ఆమె ఒప్పుకుంటే, “ఫలానావారు తమ అనుభవం చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు” అన్న ఒక్క వాక్యం చాలు. ఒప్పుకోకపోతే వదిలేయాలి.

“ఇద్దరూ ఒకటే” అన్నది మేనేజర్ మనసులో ఏముందో మీరు చెప్పడం. కానీ ఆ కోపం వెనక ఒక సంఘటన ఉండే ఉంటుంది. మేనేజర్‌కి ఎప్పుడు చెప్పారు, నోటితోనా, మెయిల్‌లోనా, ఆయన ఏమన్నారు? అది రాయండి. ఇంకా చెప్పి ఉండకపోతే, “మేనేజర్‌కి చెప్పలేదు” అనే రాయండి.

ఈ ప్రశ్నలకు మీ సమాధానాలు ఇలా ఉన్నాయనుకుందాం. అప్పుడు ఆ మెసేజ్ ఇలా మారుతుంది:

“మార్చి 19న ఉదయం సుమారు 11:15కి, టీమ్ మీటింగ్‌లో, ఐదుగురు సహోద్యోగుల ముందు ఆయన నాతో ‘నీకు బుర్ర లేదు, నిన్ను ఎవరు తీసుకున్నారు’ అన్నారు. ‘తప్పు ఎక్కడో చెప్పండి సార్’ అని నేను అడిగాను. ఆయన జవాబివ్వలేదు. ఇదే అర్థం వచ్చే మాటలు మార్చి 4న, 11న కూడా నాతో అన్నారు. 19న మధ్యాహ్నం 3:40కి, నేను తయారుచేసిన నెలవారీ రిపోర్టును ఆయన క్లయింటుకు పంపారు. ‘తయారుచేసినవారు’ అన్నచోట ఆయన పేరు మాత్రమే ఉంది. ఫైల్ వెర్షన్ హిస్టరీలో మార్చి 14 నుంచి 18 వరకు నా మార్పులు ఉన్నాయి. 20న మేనేజర్‌కి మెయిల్ పంపాను. ఈ రోజు వరకు జవాబు రాలేదు.”

ఇందులో తీర్పు చెప్పే విశేషణాలు లేవు. అయినా మీ మెసేజ్ కంటే ఇదే బలంగా ఉంది, ఎందుకంటే ప్రతి వాక్యాన్నీ హెచ్.ఆర్. వాళ్లు ఎవరినో ఒకరిని అడిగో, ఏదో ఒకటి తెరిచో సరిచూసుకోవచ్చు. మీరు తిరిగి అన్న మాట కూడా ఇందులో ఉందని గమనించండి. మీరూ ఏదైనా కటువుగా అని ఉంటే అదీ రాయండి. ఆయన ఎలాగూ చెబుతారు, అప్పుడు మీరు దాచినట్టవుతుంది. చాట్ మొత్తం చూపించమని అడిగే అవకాశం కూడా ఉంది. అందులో ఆయన్ని ‘వీడు’ అన్నారని భయపడకండి. స్నేహితురాలితో కోపంగా చెప్పుకోవడం వేరు, ఫిర్యాదు వేరు.

మరొక సంగతి. తెలుగులో కర్త లేకుండా వాక్యం నడిచిపోతుంది. “అందరి ముందు అన్నారు, రిపోర్టు పంపారు” అని రాస్తే ఎవరు అన్నారో, ఎవరు పంపారో రాసేవారికి తెలుసు, చదివేవారికి తెలియదు. “ఆయన” అన్న మాట కూడా సీనియర్‌కా, మేనేజర్‌కా అన్న అనుమానం వచ్చినచోట పేరు, హోదా రాయండి. ఫిర్యాదు ఇంగ్లీషులో ఇచ్చినా ఈ జాగ్రత్త అవసరమే.

రిపోర్టు ఫైళ్లను రుజువు కోసం మీ సొంత మెయిల్‌కి పంపుకోకండి. అది కంపెనీ నియమాలకు విరుద్ధమై, విచారణ మీ మీదికి తిరగవచ్చు. ఫైల్ ఎక్కడుందో రాస్తే హెచ్.ఆర్. వాళ్లే తెరిచి చూస్తారు.

జరిగినది లైంగిక వేధింపు అయినా, బెదిరింపు అయినా ఇంత చక్కగా రాసేదాకా ఆగకండి. తెలిసినంత వరకు వెంటనే ఇచ్చి, వివరాలు తర్వాత చేర్చండి. కొన్ని రకాల ఫిర్యాదులకు గడువు ఉంటుంది.

మీటింగ్‌లో ఉన్న ఎవరైనా సాక్ష్యం చెబుతానంటే, మీరు రాసినది వాళ్లకు చూపించకండి. ఎవరు చూసింది వాళ్లు, వాళ్ల మాటల్లోనే రాయాలి. ఇద్దరి కాగితాల్లో ఒకే వాక్యం కనిపిస్తే కూడబలుక్కున్నారనుకుంటారు. ఒకరు 11:15 అని, మరొకరు పదకొండున్నర అయి ఉంటుందని రాసినా ఫర్వాలేదు.