‘అక్కడికి వస్తున్నా’ తప్పా?

సందేహం: ఫోన్‌లో మిత్రుడితో ‘పది నిమిషాల్లో అక్కడికి వస్తున్నా’ అన్నాను. ‘అక్కడికైతే వెళ్తున్నా అనాలి, వస్తున్నా అంటే ఇక్కడికి అనాలి’ అని ఆయన సరిదిద్దాడు. నేనన్నది తప్పా?

సమాధానం: తప్పు కాదండి, చక్కని తెలుగే. ‘అక్కడ’ను కొలిచిన చోటి నుంచే ‘వచ్చు’నూ కొలవాలని మీ మిత్రుడు అనుకున్నారు. చిక్కంతా అందులోనే ఉంది.

ఆ, ఈ, ఏ అనే మూడింటినీ మన వ్యాకరణంలో త్రికం అంటారు. ఇక్కడ, ఇది, ఇప్పుడు, అక్కడ, అది, అప్పుడు ఈ కుదురు నుంచి వచ్చినవే. ఇలాంటి మాటలకు సొంతంగా ఒక చోటంటూ ఉండదు. మాట్లాడే మనిషి ఎక్కడుంటే అదే ‘ఇక్కడ’. అతను నడిచి వెళ్తే ‘ఇక్కడ’ కూడా వెంట వెళ్తుంది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ బ్యూలర్ 1934లో ‘నేను, ఇక్కడ, ఇప్పుడు’ కలిసే ఈ బిందువును ‘ఒరిగో’ అన్నాడు.

మీరు ఫోన్ చేసినప్పుడు మిత్రుడున్న చోటు మీకు దూరం. కాబట్టి ‘అక్కడ’ సరైనదే. ‘వచ్చు’ దారి వేరు. తెలుగులో అది మాట్లాడేవాడి వైపు కదలికనే కాదు, వినేవాడి వైపు కదలికనూ చెబుతుంది. ఒకే వాక్యంలో ‘అక్కడ’ మీ వైపు నుంచి, ‘వస్తున్నా’ ఆయన వైపు నుంచి చూసి అన్నవి. మీరు ‘అక్కడికి వెళ్తున్నా’ అని ఉంటే, ఆయన అక్కడ లేరేమో అనిపించేది. వినేవాడు ఆ చోట లేకపోతే, అక్కడికి వచ్చేది కూడా లేకపోతే, ‘వస్తున్నా’ పొసగదు. ఇద్దరూ వెళ్లే సభ గురించైతే ‘నేనూ వస్తా’ అని హాయిగా అనొచ్చు.

నాకు ఇంకా ముచ్చటగా అనిపించేది, మాటను మరొకరికి చేరవేసేటప్పుడు జరిగేది. మీ మిత్రుడు పక్కనున్న వాళ్లకు మీ మాట ఎలా చెప్పి ఉంటారు? ‘పది నిమిషాల్లో ఇక్కడికి వస్తున్నానన్నాడు’ అనే కదా. మీ ‘అక్కడ’ ఆయన నోట ‘ఇక్కడ’ అయింది. క్రియ మాత్రం ‘వస్తున్నాడు’ కాలేదు, ‘వస్తున్నాను’గానే నిలిచింది. చోటు చెప్పేవాడిది, ‘నేను’ను చూపే ‘ను’ మొదట అన్నవాడిది!

ఇందువల్ల ఒక్కోసారి అయోమయమూ తప్పదు. ‘అక్కయ్య ఇక్కడే ఉంటానంది’ అంటే చెప్పేవాళ్లున్న చోటా, అక్కయ్య ఉన్న చోటా? మామూలుగా మొదటిదే అనుకుంటాం. అక్కయ్య మాటను ఉన్నదున్నట్టు చెబుతుంటే రెండోది కావచ్చు. నోటితో చెప్పేటప్పుడు గొంతు మార్చి, చిన్న విరుపుతో ఆ తేడా చూపిస్తాం. రాతలో ఆ వీలుండదు కాబట్టి అక్కయ్య మాటలను కొటేషన్లలో పెట్టండి, లేదా ‘తనున్న చోటే ఉంటానంది’ అని రాయండి.