అడ్వాన్సు వద్దు, అరగంట పరీక్ష కావాలి

ప్రశ్న: మాది శ్రీకాకుళం. డిగ్రీ చదువుతూ వీడియో ఎడిటింగ్ పనులతో 20,000 కూడబెట్టాను. విజయనగరంలో ఒకాయన ఆర్‌టీఎక్స్ 3060 టీఐ పాత గ్రాఫిక్స్ కార్డు 16,000కి ఇస్తానంటున్నారు. క్రిప్టో కరెన్సీ మైనింగ్‌కి వాడలేదట. 2,000 అడ్వాన్సు పంపమంటున్నారు. కొనొచ్చా?

జవాబు: కొనొచ్చు గానీ, అడ్వాన్సు మాత్రం పంపకండి. కార్డు పక్కన ఈరోజు తేదీ, మీ పేరు రాసిన కాగితం పెట్టి, సీరియల్ నంబరు కనిపించేలా ఫోటో అడగండి. కార్డు చేతిలో ఉన్నవాళ్లకి అది రెండు నిమిషాల పని. సాకులు చెబితే వదిలేయండి. ఒకవేళ ఇప్పటికే పంపి మోసపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మైనింగ్ మాట నమ్మాల్సిన పని లేదు. ఈ కార్డు 2020 డిసెంబరులో వచ్చింది. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ ఆగిపోయేదాకా మైనర్లు దీన్ని ఎగబడి కొన్నారు. బిల్లు ఆ మధ్యదైతే మైనింగ్‌లో వాడిందనే అనుకుని బేరమాడండి. ఎన్ని గంటలు నడిచిందో చూపించే మీటరు కార్డులో ఉండదు. రాత్రింబవళ్లు తిరిగితే ముందు దెబ్బతినేవి ఫ్యాన్లు, థర్మల్ పేస్టు, ప్యాడ్లు. అందుకే ఇప్పుడెలా ఉందో చూడాలి.

పగటిపూట బస్సెక్కి వెళ్లి, ఆయన కంప్యూటర్లోనే నడిపించమనండి. కార్డు వివరాలు చూపే GPU-Z ప్రోగ్రాం తెరిస్తే Shaders దగ్గర 4864 ఉండాలి. 3584 ఉంటే అది మామూలు 3060. పేరు ముందు [FAKE] అని వస్తే లేచి వచ్చేయండి. తర్వాత కార్డు మీద పూర్తి భారం వేసే FurMark పావుగంట నడుపుతూ, GPU-Zలో Sensors పేజీలో కార్డు వేడి చూడండి. మన ఉక్కపోతలో 75 డిగ్రీలు దాటినా కంగారు లేదు. 83 దగ్గరికి చేరి వేగం తగ్గుతుంటే మాత్రం చల్లబరిచే ఏర్పాటులో లోపముంది. చిప్‌లో అన్నిటికన్నా వేడి చోటును చూపే Hot Spot అంకె ఆ కార్డు వేడికన్నా 25 డిగ్రీలకు పైగా ఎక్కువుంటే పేస్టు ఎండిపోయిందని అనుమానించండి. ఫ్యాన్ గరగరమన్నా అంతే, బాగుచేయించుకోవచ్చు. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

మెమరీ సంగతి వేరు. ఈ కార్డుల్లో చాలావాటిలో మెమరీ వేడి విడిగా కనబడదు కాబట్టి OCCT అనే ప్రోగ్రాంలో VRAM, అంటే కార్డు మెమరీ, పరీక్ష పెట్టండి. ఒక్క తప్పు వచ్చినా, తెర మీద రంగుల చుక్కలు కనబడినా సగం ధరకిచ్చినా తీసుకోకండి. బాగుచేయడం ఖరీదు, పైగా నమ్మకం లేదు.

ఇక మీ 4,000 సంగతి. ఈ కార్డుకి 600 వాట్ల పవర్ సప్లై ఉండాలని కంపెనీ సూచన. మీ దగ్గర అంతకన్నా తక్కువదే ఉంటే, మంచిది కొనడానికి ఆ డబ్బు చాలకపోవచ్చు. అందుకే బయల్దేరే ముందే సప్లై మీద ఉన్న అంకె చూసుకోండి. అది మార్చాల్సి వస్తే కార్డుకి మీ గరిష్ఠ ధర 14,500. పరీక్షలన్నీ అయ్యాకే యూపీఐలో కట్టి, సీరియల్ నంబరు రాసిన రసీదు మీద ఆయన సంతకం తీసుకోండి.