మార్కులు సమానమైతే ఎవరిని పిలవాలి?

ప్రశ్న: సార్, ఎంబీఏ హెచ్‌ఆర్ చదువుతూ ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టుకి వచ్చిన రెజ్యూమెలకు మార్కులు వేయమన్నారు. ఇంటర్వ్యూకి ఒక్క స్లాటే మిగిలింది, ఇద్దరికి 25కి 19 వచ్చాయి. ఒకరిది పేరున్న కాలేజీ, ఇంకొకరికి ఏడాది గ్యాప్ ఉంది. కాలేజీ చూసి తేల్చేయొచ్చా?

జవాబు: వద్దు. కాలేజీకి నీ షీట్‌లో మార్కులే లేనప్పుడు, చివర్లో దాన్ని దొడ్డిదారిన తీసుకురావడం ఎందుకు?

ముందు మొత్తాన్ని పక్కనపెట్టి విడి మార్కులు చూడు. ఉదాహరణకు బ్యాంక్ స్టేట్‌మెంట్‌ని లెడ్జర్‌తో సరిచూసే బ్యాంక్ రీకన్సిలియేషన్‌కి 10, ఎక్సెల్, ఈమెయిల్ రాయడం, అనుభవం ఒక్కోదానికి 5 అనుకుందాం. మొదటి వ్యక్తికి 6, 5, 5, 3. రెండో వ్యక్తికి 9, 4, 2, 4. రెండూ 19 అయినా వీళ్లు ఒకే రకం మనుషులు కానే కాదు, కూడిక ఆ తేడాను మింగేసింది, అంతే.

తర్వాత ఆ మార్కులు దేన్ని చూసి వేశావో చూడు. ఎక్సెల్‌కి 5 ఇచ్చింది 'ఎక్సెల్ ఎక్స్‌పర్ట్' అన్న ఒక్క మాటకేనా? పక్క రెజ్యూమెలో 'ప్రతి నెలా బ్యాంక్ స్టేట్‌మెంట్‌ని లెడ్జర్‌తో సరిచూసి తేడాలు తేల్చాను' అని చేసిన పని రాసి ఉంటే, బరువు దానికే ఎక్కువ. పేర్లు, ఫొటోలు, కాలేజీలు, పుట్టిన తేదీలు దాచేసి ఇంకొకరితో మళ్లీ మార్కులు వేయించు, ఇలా సమానంగా వచ్చినవాటిలో సగం ఇక్కడే విడిపోతాయని నా అనుభవం. అయితే ఒక్క మార్కు తేడా వచ్చినంత మాత్రాన పొంగిపోకు, అది మార్కులు వేసిన చేతి తేడా కూడా కావచ్చు.

అప్పటికీ సమానమే అయితే రూలు కావాలి, కానీ ఇద్దరూ ఎవరో తెలిశాక నువ్వు పెట్టే ఏ రూలైనా తెలియకుండానే నీకు నచ్చినవాళ్ల వైపే వాలుతుంది. అసలు మార్కులు వేయకముందే రాసిపెట్టాల్సింది, ఇప్పుడు ఆ అవకాశం పోయింది కాబట్టి మేనేజర్‌కి రెజ్యూమెలు చూపించకుండా ఒక్కటే అడుగు: 'ఈ ఉద్యోగంలో మొదటి నెలలో నేర్పలేనిది, వచ్చేటప్పుడే తెలిసి ఉండాల్సింది ఏది?' రీకన్సిలియేషన్ అంటే రెండో వ్యక్తి, కస్టమర్లకు ఈమెయిల్స్ అంటే మొదటి వ్యక్తి.

గ్యాప్ కారణం అడగకు, అది ఇంటి విషయం కావచ్చు. పనికి అవసరమైన సాఫ్ట్‌వేర్ ఇప్పుడూ వాడగలరా అన్నదే నీకు కావాలి, దానికి ఇద్దరికీ ఒకే 20 నిమిషాల చిన్న పని ఇచ్చి చూడొచ్చు. ముందు అప్లై చేసినవాళ్లకి ఇద్దామంటారు కొందరు, పైకి న్యాయంగానే ఉంటుంది కానీ ఆ రోజు ఎవరికి తీరిక దొరికిందన్నదే తప్ప పని గురించి అదేమీ చెప్పదు.

ఇంకా తేలకపోతే ఇద్దరినీ పిలవమను, పోయేది మహా అయితే అరగంట. అదీ కుదరదంటే ఇంకొకరి ముందు చీటీ తీయి. ఏం చేసినా షీట్‌లో ఒక లైను రాయి: '19-19, మొదటి ప్రాధాన్యం రీకన్సిలియేషన్, 9-6, రెండో అభ్యర్థి'. ఆ లైను రెండో అభ్యర్థికి చూపించడానికి ఇబ్బంది ఉండదు, మొదటి అభ్యర్థికి కూడా మొహమాటం లేకుండా చూపించగలవా అన్నదే చూసుకో.