చెప్పులు మళ్లీ ఎప్పుడు కనిపించాలి?

చిరంజీవికి,

నువ్వు పంపిన 14 కవితలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ నాన్నగారి కోసం, రెండోసారి కవితల కోసం. ఆయన ఇంటికొచ్చేశారని ఉత్తరం చివర రాశావు కాబట్టి ధైర్యంగా కత్తెర పట్టుకున్నాను.

తొమ్మిది కవితలు ‘ఆసుపత్రి మంచం మీద నాన్న’ అంటూనే మొదలవుతున్నాయి. లోపల కూర్చున్న పాఠకుణ్ణి లేపి, మళ్లీ గేటు దగ్గర్నుంచి తీసుకొస్తున్నావు. విడి కవితలు రాసే చేతికి ఈ అలవాటు ఉంటుంది. నాకూ ఉండేది. ఆ సమాచారమంతా పైన ఒక్క శీర్షికకి అప్పగించు: ‘నాన్న, 11 రోజులు’. లోపల కవితలకి పేర్లు తీసేసి ‘మూడో రోజు, తెల్లవారుజాము’ అని పెట్టు. అప్పుడు మంచం, వార్డు, జబ్బు పేరు ఏదీ చెప్పనక్కర్లేదు. నీ ఐదో కవితలో సెలైన్ చుక్కలు, నాన్న ప్రాణం, నీ కన్నీళ్లు మూడూ ఒకేసారి కారుతున్నాయి. దాన్ని ఇలా మార్చి చూశాను:

చుక్కలు లెక్కపెడుతున్నాను
డెబ్బై దగ్గర
నాన్న దగ్గాడు
మళ్లీ ఒకటి నుంచి

ఇది విడిగా చదివితే అర్థం కాదంటావేమో. కాకపోయినా పర్వాలేదు. ముక్తకం తనంతట తాను నిలబడాలి, నిజమే. చాలా శతకాల్లో పద్యాల వరస మార్చినా నష్టముండదు, మకుటమే వాటిని కలిపి ఉంచుతుంది. నీకు మకుటం లేదు, ఉన్నది వరస. కవితల్ని కాగితం ముక్కల మీద రాసి, కలిపి, తోచినట్టు పేర్చి చదువు. ఏ తేడా తెలియకపోతే అది గొలుసు కాదు, కట్ట. నీ 14 కవితల్నీ నేను అలా పేర్చి చూశాను. మొదటిదీ చివరిదీ తప్ప దేన్ని ఎక్కడ పెట్టినా సరిపోయింది.

మరి వరస ఎక్కడ్నుంచి వస్తుంది? నీ రెండో కవితలోనే ఉంది, నువ్వు చూసుకోలేదు. నాన్న చెప్పులు.

చెప్పులు నా చేతికిచ్చి
లోపలికి తీసుకెళ్లారు
ఎడమదాని మడమ
ఎక్కువ అరిగింది

ఇంత మంచి కవిత రాసి, ఆ చెప్పుల్ని అక్కడే వదిలేశావు. అవి ఏడో కవితలో మళ్లీ రావాలి:

కళ్లు తెరిచి అడిగాడు
‘చెప్పులేవిరా?’
మంచం కిందే, అన్నాను
అవి ఇంట్లో ఉన్నాయి

పదమూడోదాంట్లో ఇంకోసారి:

నేల మీద పెట్టాను
కుడికాలు దూరింది
ఎడమకాలికి
నేను వంగాను

మధ్యలో నాలుగైదు కవితల ఎడం కావాలి. పాఠకుడు చెప్పుల్ని కాస్త మరిచిపోతేనే అవి తిరిగొచ్చినప్పుడు గుర్తుపడతాడు. ప్రతి కవితలోనూ పెడితే అవి చెప్పులుగా మిగలవు, ప్రతీకలైపోతాయి. మా అమ్మ మీద రాసినప్పుడు నేను కళ్లజోడుతో ఆ తప్పే చేశాను. ఎనిమిదిసార్లు వచ్చింది, మూడోసారికే అరిగిపోయింది. ఇంకో సంగతి, ప్రతిసారీ వస్తువు పరిస్థితి మారాలి. పైన చూడు: చేతికొచ్చాయి, అబద్ధమయ్యాయి, కాళ్లకి చేరాయి. అరిగిన ఎడమ మడమ గురించి రెండో కవితలో చెప్పావు కాబట్టే పదమూడోదాంట్లో ‘ఎడమకాలికి’ అన్న మాటకి అంత బరువు.

ఎనిమిది, తొమ్మిది, పది కవితలు మూడూ రాత్రివే. మూడూ ఐసీయూ బయట వరండాలోనే, మూడింట్లోనూ భయమే. జపాను వాళ్ల రెంగా అనే గొలుసు కవిత్వంలో ఒక నియమముంది. ప్రతి ఖండం తన ముందుదానితో కలవాలి, దానికంటే ముందుదాన్నుంచి మాత్రం పక్కకి జరగాలి. అంత నిష్ఠ నీకక్కర్లేదు గానీ, ఎనిమిదికీ పదికీ మధ్య ఆ వరండా వదిలి బయటికెళ్లు. బిల్లు కౌంటరు దగ్గర ‘పేషెంటుకి మీరేమవుతారు?’ అని అడిగారనీ, ఒక్క క్షణం జవాబు తోచలేదనీ ఫోన్లో చెప్పావు కదా, ఆ తొమ్మిదో చోటు దానిది. అక్కడ పాఠకుడికి కొంచెం నవ్వొస్తే రానీ. పదో కవితలో భయం మళ్లీ కొత్తగా తగులుతుంది.

పద్నాలుగోది, నాన్నని దేవుణ్ణి చేసింది, తీసేయ్. చెప్పులు తొడిగాక ఇంకేం లేదు.

మూత్రం గొట్టం మీద రాసిన కవిత బాగుంది. కానీ అచ్చుకిచ్చే ముందు ఆయనకి చదివి వినిపించు. వద్దంటే వద్దు, ఎంత బాగున్నా సరే.

మూడోదీ పదకొండోదీ విడిగా మడిచి పంపుతున్నాను, వాటి మీద నా గీతలున్నాయి. పక్క మంచం పెద్దాయన రాత్రంతా ఎవరి పేరో పిలిచేవాడన్నావు. ఆయన నీ 14 కవితల్లో ఎక్కడా లేడు. ఏ రోజు రాత్రి అది?