పార్టీ స్టేట్‌మెంట్‌కీ మన పద్దుకీ మధ్య తేడా: సరిపోలని ఎంట్రీలను ఒక్కొక్కటిగా తేల్చే పద్ధతి

ప్రశ్న: మాకు సరుకు సరఫరా చేసే పార్టీ మార్చి 31 నాటి స్టేట్‌మెంట్ పంపింది. మా ట్యాలీలో ఉన్న బాకీ కంటే వాళ్లు చూపిస్తున్నది లక్షకు పైగా ఎక్కువ. ఆ తేడాకు సరిపోయే ఎంట్రీ ఎంత వెతికినా దొరకడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

తేడాకు సమానమైన ఎంట్రీ కోసం వెతకడం ముందు ఆపండి. ముగింపు తేడా అనేది చాలాసార్లు ఒకే పొరపాటు వల్ల వచ్చినది కాదు. కొన్ని తేడాలు వాళ్ల బాకీని పెంచుతూ, మరికొన్ని తగ్గిస్తూ, ఒకదానినొకటి కొంత కప్పేసుకోగా మిగిలిన అంకె అది. నేను ఒక రైస్ మిల్లు లెక్కలు చూస్తాను. మోటార్లు, బేరింగులు సరఫరా చేసి, యంత్రాల మరమ్మతు కూడా చేసే ఒక పార్టీతో 2025 మార్చి 31 నాటికి మాకు సరిగ్గా ఇదే పరిస్థితి ఎదురైంది. వాళ్ల లెక్క ప్రకారం మేము ఇవ్వవలసింది ₹4,86,240. మా పద్దులో ఉన్నది ₹3,77,440. తేడా ₹1,08,800. ఆ మొత్తంతో ఒక్క ఎంట్రీ కూడా రెండు వైపులా ఎక్కడా లేదు.

మొదట పార్టీ నుంచి ఏ కాగితం వచ్చిందో చూడండి. చాలామంది చెల్లించని బిల్లుల జాబితా మాత్రమే పంపుతారు; దానితో పని జరగదు, ఎందుకంటే మన చెల్లింపులు ఏ తేదీన ఎలా జమ అయ్యాయో అందులో కనబడదు. ఏడాది మొత్తానికి ప్రారంభ నిల్వతో కూడిన లెడ్జర్‌ను ఎక్సెల్‌లో అడగండి. తరువాత ఇద్దరి నిల్వలూ చివరిసారి ఏ తేదీన సమానంగా ఉన్నాయో కనుక్కోండి. ఏప్రిల్ 1 నాటి ప్రారంభ నిల్వలు కలిస్తే ఆ ఏడాది ఎంట్రీలు చూస్తే చాలు. కలవకపోతే వెనకటి ఏడాదికి వెళ్లక తప్పదు. మాకు ప్రారంభ నిల్వలు కలిశాయి.

ఇక ఎంట్రీలను జత చేయాలి. బిల్లులను బిల్లు నంబరు, మొత్తం అనే రెండింటి ఆధారంగానే జత చేయండి. తేదీని నమ్ముకోవద్దు, ఎందుకంటే వాళ్లు బిల్లు రాసిన తేదీన, మనం సరుకు అందిన తేదీన ఎంట్రీ వేస్తాం. వాళ్ల నంబరుకు ముందు అక్షరాలు, సంవత్సరం ఉండి, మన వాళ్లు చివరి అంకెలే వేసి ఉంటే, రెండు షీట్లలోనూ ఒకే రూపంలోకి మార్చిన నంబరుకు ఒక నిలువు వరుస కేటాయించండి. మా షీట్లలో నంబరు B వరుసలో, మొత్తం E వరుసలో ఉండేవి, వాళ్ల లెడ్జర్ ఉన్న షీటు పేరు Vendor:

```
=COUNTIFS(Vendor!B:B,B2,Vendor!E:E,E2)
```

ఫలితం 0 వచ్చిన బిల్లు అవతలి పద్దులో ఆ రూపంలో లేదని అర్థం. ఇదే పనిని వాళ్ల షీటు వైపు నుంచి కూడా చేయాలి. చెల్లింపులను మాత్రం బిల్లుతో కాకుండా బ్యాంకు యూటీఆర్ నంబరుతో జత చేయండి, ఎందుకంటే మనం ఒక బిల్లుకు పంపిన సొమ్మును వాళ్లు మూడు పాత బిల్లులకు సర్ది ఉండవచ్చు. అది నిల్వను మార్చదు గాని, బిల్లువారీగా చూస్తే గందరగోళంగా కనిపిస్తుంది.

జత కాగా మిగిలినవి మా దగ్గర ఇవి. మార్చి 29 తేదీతో ఉన్న ₹64,900 బిల్లు వాళ్ల పద్దులో ఉంది, మా పద్దులో లేదు. మరునాడు ఉగాది, ఆ మర్నాడు రంజాన్ కావడంతో సరుకు లారీ ఆఫీసులో ఆగి ఏప్రిల్ 2న మాకు చేరింది. ఇది తప్పు కాదు, సమయం తేడా మాత్రమే. అయితే సరుకు వాళ్ల గోడౌన్ దాటగానే మనదవుతుందని ఒప్పందం ఉంటే, ఏడాది చివర దాన్ని దారిలో ఉన్న సరుకుగా మన పద్దులోనే చూపాలి. మాకు మిల్లు దగ్గర అప్పగించే షరతు ఉంది కనుక దాన్ని ఏప్రిల్‌కే వదిలాము.

రెండవది టీడీఎస్. ఆ ఏడాది మరమ్మతు బిల్లుల విలువ జీఎస్టీ కాకుండా ₹2,40,000. పార్టీ భాగస్వామ్య సంస్థ కనుక 194సి కింద 2 శాతం, అంటే ₹4,800 మేము పట్టుకున్నాం. వాళ్లు బిల్లు మొత్తాన్ని రాసి, వచ్చిన సొమ్మునే జమ వేయడంతో ఆ చిన్న చిన్న మొత్తాలు ప్రతి మరమ్మతు బిల్లులోనూ బాకీగా మిగిలిపోయాయి. వాళ్ల 26ఏఎస్ చూపించి ఒప్పించవచ్చు. కానీ జనవరి నుంచి మార్చి వరకు పట్టుకున్నది, మే 31 గడువున్న రిటర్న్ దాఖలైన తరువాతే అందులో కనిపిస్తుంది. ఏప్రిల్‌లో కనబడలేదని ఎవరూ కంగారు పడనవసరం లేదు.

మూడవది, వాపసు పంపిన మోటారుకు మేము రాసిన ₹11,800 డెబిట్ నోట్. మన డెబిట్ నోట్ మన పద్దుకు మాత్రమే సరిపోతుంది. జీఎస్టీ లెక్కలో పన్ను తగ్గాలంటే సరఫరా చేసినవారు క్రెడిట్ నోట్ ఇవ్వాలి. 2024-25 బిల్లులకు దానిని చూపే గడువు 2025 నవంబరు 30, లేదా వాళ్లు వార్షిక రిటర్న్ వేసిన తేదీ, ఏది ముందైతే అది. అందువల్ల గేట్ పాస్, వాళ్ల మనిషి సంతకం ఉన్న వాపసు చలానా జతచేసి దీన్ని అన్నిటికంటే ముందు పంపాను.

నాలుగవది, మేము ఎన్ఈఎఫ్టీ చేసిన ₹50,000 వాళ్ల స్టేట్‌మెంట్‌లో లేదు. యూటీఆర్ పంపితే, దాదాపు మా పేరే ఉన్న మరో మిల్లు ఖాతాలో జమ వేసినట్లు వాళ్లే కనిపెట్టారు.

మిగిలిన రెండు మా వైపువి. వాళ్ల ₹36,580 బిల్లు మా పద్దులో ₹35,680గా ఉంది. తేడా ₹900. అంకెలు తారుమారైనప్పుడు తేడా ఎప్పుడూ 9తో నిశ్శేషంగా భాగించబడుతుంది. కానీ ఈ పరీక్ష ఒకే జంటకు పనికొస్తుంది, ముగింపు తేడాకు కాదు. మా ₹1,08,800 తొమ్మిదితో భాగించబడదు, అయినా లోపల తారుమారు ఉంది. రెండవది, ₹23,600 బిల్లు ఒకసారి చలానా నంబరుతో, మరోసారి బిల్లు నంబరుతో రెండుసార్లు ఎక్కింది. నంబర్లు వేరు కావడంతో పై ఫార్ములాకు ఇది డూప్లికేట్‌గా తెలియదు, కేవలం వాళ్ల దగ్గర లేని బిల్లుగా కనిపిస్తుంది. అలాంటి చోట జీఎస్టీఆర్-2బి తెరిచి చూడండి. ఆ మొత్తానికి పార్టీ ఒకే బిల్లు చూపి ఉండి, మన స్టోర్స్ రిజిస్టర్‌లోనూ సరుకు ఒకేసారి అంది ఉంటే, రెండవ ఎంట్రీ మనదే తప్పు.

ఇప్పుడు రెండు నిల్వలనూ విడివిడిగా సవరించాలి. మా ₹3,77,440కు 900 కలిపి, 23,600 తీసేస్తే ₹3,54,740. వాళ్ల ₹4,86,240లో 50,000, 11,800, 4,800 తీసేస్తే ₹4,19,640. దారిలో ఉన్న 64,900 కూడా పక్కన పెడితే ₹3,54,740. రెండు వైపుల నుంచి విడిగా వచ్చి ఒకే అంకెకు చేరినప్పుడే లెక్క తేలినట్టు. రెండుసార్లు ఎక్కిన ₹23,600 మా పద్దులో బాకీని ఎక్కువగా కనిపించేలా చేసి, మిగిలిన తేడాల్లో కొంత భాగాన్ని కప్పేసింది. అందుకే ₹1,08,800 ఏ కూడికలోనూ నేరుగా దొరకలేదు.

మన వైపు తప్పులకే మనం ఎంట్రీ వేయాలి; డూప్లికేట్ బిల్లుపై పన్ను క్రెడిట్ తీసుకుని ఉంటే దాన్ని కూడా వెనక్కి ఇవ్వాలి. వాళ్లు సవరించవలసిన వాటికి మన పుస్తకాల్లో జర్నల్ వేసి నిల్వ కలపడం సరికాదు, ఎందుకంటే వాళ్లు తరువాత తమ పద్దు సరిచేసుకోగానే తేడా ఎదురు దిశలో తిరిగి వస్తుంది. పార్టీకి పంపే ఉత్తరంలో ఒక్కో ఎంట్రీకి తేదీ, నంబరు, మొత్తం, ఎవరు సవరించాలి, జతచేసిన ఆధారం ఏమిటి అని రాసి, సవరించిన తరువాతి లెడ్జర్‌ను మళ్లీ పంపమనండి. ఆ కొత్త లెడ్జర్ చూసి, దారిలో ఉన్న బిల్లు ఏప్రిల్‌లో మన పద్దుకు ఎక్కిందో లేదో సరిచూసుకున్నాకే, మార్చి 31 నాటి బాకీ ధ్రువీకరణ పత్రంపై ₹3,54,740కు సంతకం చేయించి, పక్కన దారిలో ఉన్న ₹64,900ను విడిగా రాయించండి.