స్కాన్ బాగుంది, నొప్పి మాత్రం ఏటికేడు పెరుగుతోంది

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా చెల్లికి 24 ఏళ్లు. నెలసరి నొప్పి ఏటికేడు పెరుగుతోంది. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. మరి నొప్పి ఎందుకు?

జవాబు: స్కాన్ బాగున్నంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ లేదనుకోకూడదు. ఈ జబ్బులో గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి పొర మీద, ఒక్కోసారి పేగుల మీద పెరుగుతుంది. నెలనెలా అక్కడా వాపు వస్తుంది. అది మానిన చోట మచ్చ కట్టి, అవయవాలు ఒకదానికొకటి అతుక్కోవచ్చు. నరాలూ సున్నితమవుతాయి. అందుకే మొదట్లో ఒక్క రోజు ఉన్న నొప్పి, కొందరిలో కొన్నేళ్లకు వారం ముందే మొదలవుతుంది.

మామూలు స్కాన్‌లో అండాశయంలో పాత రక్తం నిండిన చాక్లెట్ సిస్టు కనిపిస్తుంది గానీ, పొత్తికడుపు పొర మీద ఈ కణజాలం చిన్నచిన్నగా ఉంటే కనిపించదు. పైగా పెళ్లి కాని అమ్మాయిలకు సాధారణంగా పొట్ట మీద నుంచే స్కాన్ చేస్తారు, అందులో లోతైన గడ్డలు కూడా తప్పిపోవచ్చు. ఇక ఇంట్లో వాము నీళ్లు, ‘పెళ్లయితే అదే తగ్గుతుంది’ అనే మాట (దీనికి ఏ ఆధారమూ లేదు). ఇలాగే ఏళ్లు గడిచిపోతాయి.

నెలసరి రోజుల్లో మలవిసర్జనప్పుడు నొప్పి వస్తుందేమో మీ చెల్లిని అడగండి. వస్తుంటే స్త్రీవైద్య నిపుణురాలికి ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పండి. పొట్టకు చిన్న కోత పెట్టి కెమెరాతో లోపల చూసే లాపరోస్కోపీ దాకా ఆగకుండా, లక్షణాలను బట్టే హార్మోన్ మాత్రలు మొదలుపెట్టే వీలుంది.